బొట్టు పెట్టి పిలిచినట్టు పిలువు బిడ్డా

ఏం బిడ్డా, రాత్రి నువ్వు పెట్టిన పోస్టు చూశాను. నేరేడుచర్లలో రక్తదాన శిబిరం పెడుతున్నావు, మంచిదే. మరి కింద ఆ మాటలేంది? "మీరు మనుషులైతే వెంటనే షేర్ చేయండి, వస్తామని కామెంట్ పెట్టండి, లింకులో రిజిస్టర్ అవ్వండి, పేజీ ఫాలో అవ్వండి." నాలుగు పనులు ఒక్కసారే చెప్పావు, పైగా ఓ తిట్టు కూడా!

మా అమ్మ పేరంటానికి పిలవడం నువ్వు చూడలేదు. గడపలో నిలబడి, బొట్టు పెట్టి, "శుక్రవారం పొద్దుగూకేవేళ మా ఇంట్లో పేరంటం, వీలు చూసుకుని రా అక్కా" అనేది. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నీ అందులోనే ఉండేవి. రాలేనివాళ్లు రాలేమని చెప్పుకునే సందు కూడా ఉండేది. అందుకే వచ్చేవాళ్లు. నీకు తొందరెక్కువ, ఆ సందు మూసేశావు.

లైకు కొట్టండి, ట్యాగ్ చేయండి అని వెంటపడే పోస్టులను వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ వాళ్లు 2017 డిసెంబరులోనే చెప్పారు. తప్పిపోయిన పిల్లల కబురులాంటి నిజమైన సాయం అడిగేవాటి జోలికి మాత్రం రామన్నారు. అడగడం తప్పు కాదు బిడ్డా, అంతా అడిగే తీరులోనే ఉంది.

మనవాళ్లు మంచితనం లేక ఆగరు, అనుమానంతో ఆగుతారు. ముందు ఆ అనుమానం తీర్చు. "ఆదివారం ఉదయం 9 నుంచి ఒంటిగంట దాకా. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుంటే రావచ్చు, ఇవ్వచ్చో లేదో అక్కడ డాక్టరు చూసి చెబుతారు. రక్తం తీసేది పది నిమిషాలే. మీకు వీలైన టైము చెబితే వరుసలో నిలబడే పనుండదు." చూడు, రిజిస్టర్ అనే మాటే లేదు, అయినా పేరు రాయాలనిపిస్తుంది. లింకులో పేరు, ఫోను, టైము అడుగు, చాలు. వాళ్ల నాన్న పేరెందుకు నీకు?

కామెంటు ఇంకో రోజు అడుగు. "ఎస్ అని పెట్టండి" అంటే ఎస్ అనే పెడతారు, ఆదివారం ఇంట్లోనే ఉంటారు. "మొదటిసారి రక్తం ఇచ్చినప్పుడు మీ భయం ఎలా పోయింది?" అని అడిగి చూడు. ఎరిగినవాడు రాసింది చదివితే పక్కింటోడికి ధైర్యమొస్తుంది. షేరూ అంతే. ఊరంతటికీ పంపమనకు, "మీ ఇంట్లో 18 నిండినవాళ్లుంటే వాళ్లకు చూపించండి" అను.

లైకులు కుప్పలుగా వచ్చి పేర్లు నాలుగే పడితే లింకు ఓసారి నువ్వే నింపి చూడు, ఎక్కడో విసుగు పుట్టిస్తోంది. పేర్లు పడి మనుషులు రాకపోతే ముందురోజు సాయంత్రం ఓ మాట పంపు: "రేపు పదింటికి మీ టైము. కుదరకపోతే చెప్పండి, ఇంకొకరికి ఇస్తాం." కుదరదన్నవాడి మీద అలగకు. వచ్చినవాడికి మర్నాడు థాంక్స్ చెప్పు, అందులో మళ్లీ షేర్ చేయమనకు. మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాక మళ్లీ ఆ గడపకే వెళ్లి పిలవాలి నువ్వు.