చావనివ్వడం ఎవరి చేతిలో ఉంది?

మెకాలే అనగానే మనకు ఇంగ్లీషు చదువులూ, గుమాస్తాలూ గుర్తొస్తారు. ఆయన ఇంకో పని కూడా చేశాడు. 1837లో కలకత్తాలో భారత శిక్షాస్మృతి ముసాయిదా తయారు చేస్తూ, దాని చివర కొన్ని వివరణలు జతచేశాడు. అందులో ఒకటి ‘చేయకపోవడం’ గురించి. చేసిన పనికి శిక్ష వేయడం తేలికే. చేయకుండా ఊరుకున్నందుకు ఎవరికి, ఎప్పుడు వేయాలి? ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒక ఏటి కథ ఉంది.

ఏరు పొంగి ఉంది. ఒక బాటసారి దాటబోతున్నాడు. లోతు పెరిగిందని తెలిసిన మనిషి ఒకడు గట్టు మీద ఉండి కూడా చెప్పలేదు. బాటసారి మునిగి చచ్చిపోయాడు. ఆ ఊరుకున్నవాడు హంతకుడేనా? మెకాలే ఎదురు ప్రశ్న వేస్తాడు: ఇంతకీ ఆ ఊరుకున్నవాడు ఎవడు? ప్రయాణికులను హెచ్చరించడానికి సర్కారు అక్కడ పెట్టిన బంట్రోతు అయితే అది హత్య. దాటిస్తానని ఒప్పుకున్న దారి చూపేవాడైనా హత్యే. తోటి మనిషన్న ఒక్క సంబంధం తప్ప ఇంకేమీ లేనివాడైతే హత్య కాదు. వాడు చెడ్డవాడు కావచ్చు, కానీ హంతకుడు కాదు.

ముగ్గురి నోరూ ఒకేలా మూసుకుని ఉంది. ముగ్గురికీ ఒకే సంగతి తెలుసు. పోయిన ప్రాణమూ ఒకటే. తేడా అంతా బాటసారికి వాళ్ళు ఏం బాకీ ఉన్నారన్న దాంట్లోనే ఉంది. ఈ ఆలోచనే 1860 శిక్షాస్మృతి 32వ సెక్షన్‌లోకి వచ్చింది: చట్టవిరుద్ధంగా చేయకపోవడం కూడా చేయడం కిందికే వస్తుంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాట ఉంది. (ఇదంతా రాసిన 1837లోనే ఆగ్రా వైపు కరువు మొదలైంది. లక్షల మంది పోయారు. ఆ ఏటి గట్టున కంపెనీ సర్కారు బంట్రోతా, దారిన పోయే దానయ్యా అని ఎవరైనా అడిగి ఉండాల్సింది.)

చంపడానికీ చావనివ్వడానికీ నైతికంగా తేడా ఉందా అన్న చర్చ మొదలైతే ఈ రోజుల్లో చాలామంది జేమ్స్ రేచల్స్ దగ్గరికి వెళ్తారు. 1975లో ఆయన రాసిన వ్యాసంలో ఇద్దరు మనుషులున్నారు. ఇద్దరికీ ఆరేళ్ళ చుట్టాల పిల్లాడు చస్తే ఆస్తి వస్తుంది. ఒకడు స్నానాల తొట్టిలో పిల్లాడిని ముంచి చంపుతాడు. రెండోవాడు అదే పని చేద్దామని వెళ్ళేసరికి పిల్లాడు జారిపడి, తల నీళ్ళలో మునిగి ఉంటాడు. వాడు చూస్తూ నిలబడతాడు. ఇద్దరూ ఒకేలాంటి దుర్మార్గులు కదా, కాబట్టి చేయడానికీ చేయకపోవడానికీ దానంతట అదిగా తేడా లేదు అని రేచల్స్ వాదన. కథ వరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ ఇద్దరికీ ఒకే చుట్టరికం, ఒకే దురుద్దేశం పెట్టేశాక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? చెయ్యి కదిలిందా లేదా అన్నది ఒక్కటీ మిగిల్చి, అందులో బరువు లేదని ఆయన చూపించాడు. బరువు ఎందులో ఉందో చెప్పలేదు. అది మెకాలే ఏటి దగ్గరే దొరుకుతుందని నా అభిప్రాయం.

తెలుగు కూడా ఆ సంగతి చెబుతూనే ఉంది. చావనివ్వడం, పోనివ్వడం, పడుకోనివ్వడం. అడ్డుకోగలిగిన అధికారమో బాధ్యతో ఉన్నవాడే ‘ఇవ్వ’గలడు. రైల్లో ఎదురు బెర్తు మీద నిద్రపోతున్న కొత్త మనిషిని నేను ‘పడుకోనిచ్చాను’ అంటే విన్నవాళ్ళు నవ్వుతారు.

ఇక్కడి దాకా తేలికే. కానీ బాధ్యత ఉన్నవాడు చేయకపోవడమే చంపడమైతే, ఎవరికీ ఏమీ చేయని మనిషి హాయిగా ఉంటాడు. ఏళ్ళ తరబడి చాకిరీ చేసినవాళ్ళు మాత్రం ఆపిన రోజున హంతకులవుతారు. ఈ చిక్కు ఎంత దూరం పోతుందో అరుణా శాన్‌బాగ్ కేసులో కనిపిస్తుంది.

అరుణ ముంబయి కెఇఎం ఆస్పత్రిలో నర్సు. 1973 నవంబరు 27న ఆ ఆస్పత్రిలోనే పనిచేసే స్వీపర్ ఒకడు ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి, అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందలేదు. అప్పట్నుంచీ ఆమె అదే ఆస్పత్రి మంచం మీద ఉంది. పింకీ విరానీ అనే రచయిత్రి 2009లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, అరుణకు ఆహారం పెట్టడం ఆపించమని అడిగింది. మామూలుగా మనం ఊహించుకునే వెంటిలేటరూ, దాని స్విచ్చూ ఈ కేసులో లేవు. ఆమె తనంతట తాను ఊపిరి తీసుకుంటోంది. కోర్టు పంపిన ముగ్గురు డాక్టర్లు వెళ్ళి చూశారు. మెదడు పూర్తిగా చచ్చిపోలేదనీ, 2010లో మలేరియా వచ్చేదాకా మెత్తగా చేసిన ఆహారం నోటితోనే తీసుకునేదనీ, ఆ తర్వాత గొట్టం వేయాల్సి వచ్చిందనీ చెప్పారు. అంటే ఇక్కడ ఆపడం అంటే అన్నం ఆపడమే. ఆపాల్సిన చెయ్యి నర్సులది. ముప్ఫయ్యేడేళ్ళుగా వంతులవారీగా ఆమెకు తినిపించి, తుడిచి, మంచం పుండ్లు రాకుండా పక్కకు తిప్పుతూ వచ్చినవాళ్ళది. వాళ్ళలో కొందరు ఆ దాడి జరిగే నాటికి పుట్టి కూడా ఉండరు.

2011 మార్చి 7 తీర్పులో కోర్టు సూది మందు ఇచ్చి చంపడాన్ని ఒప్పుకోలేదు. ప్రాణాన్ని నిలిపే చికిత్స ఆపడాన్ని మాత్రం కొన్ని షరతులతో ఒప్పుకుంది. తేడా వివరించడానికి ఒక ఉదాహరణ ఇచ్చింది. మంటల్లోకి దూకి మనిషిని కాపాడినవాణ్ణి మెచ్చుకుంటాం, దూకనివాణ్ణి మాత్రం సాధారణంగా నిందించం. చికిత్స ఆపిన డాక్టరు కూడా చంపడం లేదు, కాపాడకుండా ఉంటున్నాడంతే. చదివినప్పుడు నాకిది వింతగా అనిపించింది. కెఇఎం నర్సులు మంటలను దూరం నుంచి చూస్తున్న జనం కాదు. వాళ్ళు మెకాలే చెప్పిన బంట్రోతులు. మంచాన పడ్డ రోగికి తిండి పెట్టడానికి కుదుర్చుకున్న నర్సు మానేస్తే అది హత్యేనని కూడా మెకాలే అదే చోట రాశాడు.

ఉదాహరణ కుదరకపోయినా కోర్టు చివరికి చేసిన పని కుదిరింది. అరుణ తరఫున అడిగే అర్హత పింకీ విరానీకి లేదనీ, కెఇఎం సిబ్బందికే ఉందనీ చెప్పింది. వాళ్ళు అడిగినా హైకోర్టు అనుమతి కావాలంది. వాళ్ళు అడగలేదు. ఆమె బతకాలన్నారు. అంటే చెయ్యి కదలడం, కదలకపోవడం అన్న లెక్క పక్కకుపోయి, బాకీ ఎవరిదన్న లెక్క ముందుకొచ్చింది.

అయితే బాకీ ఉన్నవాళ్ళు ఎప్పటికీ ఆపకూడదా? బాకీని ఇవ్వాల్సినవాడు కొట్టేసుకోలేడు, రావాల్సినవాడు మాత్రం వదిలేయగలడు. మెకాలే కథను కాస్త సాగదీద్దాం. బాటసారి నిండు తెలివితో దారి చూపేవాడితో, “నీ పని ఇక్కడితో అయిపోయింది, లోతు నాకు తెలుసు, నువ్వెళ్ళు” అన్నాడనుకోండి. ఇక దారి చూపేవాడు వెళ్ళిపోతే హంతకుడు కాడు. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కామన్ కాజ్ కేసులో లివింగ్ విల్‌ను గుర్తించింది, నా చూపులో, ఇందుకే. మాట పోయే స్థితి వస్తే నాకు ఫలానా చికిత్స వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చు. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది. ఎవరివల్లా కాక, 2023లో నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ చాలునన్నారు. అమలు చేసేటప్పుడు ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు, ఒకదాని తర్వాత ఒకటి, చూసి ఒప్పుకోవాలి.

“నెట్టేయ్” అంటే? “వదిలేయ్” అన్న మాటకు ఇచ్చిన విలువ దానికి ఎందుకివ్వరు? నీ కష్టం నాకు రావాల్సినది కాబట్టి వద్దనగలను, నన్ను చంపకూడదన్న నిషేధం మాత్రం నా ఒక్కడి సొత్తు కాదు అని జవాబు చెబుతారు. ఈ జవాబుతో నాకు సగమే తృప్తి. నెదర్లాండ్స్, బెల్జియం 2002లోనే దీన్ని కాదన్నాయి. మన చట్టం ఇప్పటికీ ఆ గీత దగ్గరే ఆగింది. దురుపయోగం భయం ఉన్నచోట ఆగడం తెలివే కావచ్చు, కానీ అది భయం గురించిన కారణం, చెయ్యి గురించినది కాదు.

ఈ తీర్పులేవీ తెలియకుండా మన ఇళ్ళల్లో జరిగేది వేరు. మా పెదనాన్న వెంటిలేటరు మీద పదకొండు రోజులున్నాడు. డాక్టరు ‘ఆపుదాం’ అనలేదు, ‘లాభం లేదు’ అనలేదు. “ఇంటికి తీసుకెళ్తామంటే మేం కాదనం” అన్నాడు. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని మా అన్నయ్య సంతకం పెట్టాడు. అంబులెన్సులో ఇరవై ఏళ్ళు కూడా ఉన్నాయో లేదో ఓ కుర్రాడు నాలుగు గంటల పాటు అంబు బ్యాగు నొక్కుతూ ఊరిదాకా తెచ్చాడు. మంచం మీద పడుకోబెట్టి, తులసి నీళ్ళు పోశాక, బ్యాగు నొక్కుతూనే “తీసేయమంటారా?” అని అడిగాడు. అన్నయ్య గోడ వైపు తిరిగాడు. చివరికి పెద్దమ్మే, “దించు బాబూ, చెయ్యి నొప్పెడతాది నీకు,” అంది.

కాగితం ప్రకారం ఆస్పత్రి ఏమీ ఆపలేదు, మేము తీసుకొచ్చేశాం. మా లెక్క ప్రకారం మేమూ ఏం చేయలేదు, ఇంటికి తెచ్చుకున్నాం. అందరి చేయకపోవడాలూ కలిసి, ఆ మనిషికి ఏ బాకీ లేని ఒక కుర్రాడి చేతిలో పనిగా మిగిలాయి. మెకాలే కథలో గట్టు మీద నిలబడ్డ మూడోవాడి లాంటివాడు వాడు. వాడి చెయ్యి కదిలింది కాబట్టి చంపింది వాడే అని మాలో ఎవరికీ తోచలేదు, అది సరైనదే. కానీ బాకీ ఉన్నవాళ్ళలో “ఆపండి” అన్న మాట పలికింది పెద్దమ్మ ఒక్కతే. అదీ కుర్రాడి చెయ్యి నొప్పి మీద పెట్టి. బోర్డులూ కాగితాలూ చేయాల్సింది, నాకు తెలిసి, ఈ మాటను బాకీ ఉన్నవాళ్ళ నోట, ఆస్పత్రి గదిలోనే, తలుపు మూసుకోకుండా పలికించడం.

అరుణ ఏమీ రాసిపెట్టలేదు, రాయాల్సిన వయసూ కాదు. బాకీని వదిలేయగల మనిషి మాట్లాడలేనప్పుడు, దాన్ని తీరుస్తూ వచ్చినవాళ్ళను అడగడం న్యాయమే. వాళ్ళు ఇచ్చిన జవాబు మాత్రం ఆమెదో, వాళ్ళదో నేను తేల్చుకోలేకపోయాను. ఆమెకు ఆ గొట్టం అక్కర్లేకపోయి ఉండొచ్చు. అంతకాలం సాకిన మనిషిని వదలడం నర్సులకు కష్టమై ఉండొచ్చు. తీర్పు తర్వాత ఇంకో నాలుగేళ్ళు వాళ్ళు అలాగే తినిపించారు. 2015 మే 18న న్యుమోనియాతో ఆమె పోయింది.