పేరు అడగని వరస

నిజాలే చెప్పి కూడా ఒక మనిషికి అన్యాయం చెయ్యొచ్చా? చెయ్యొచ్చనే అనుకుంటున్నాను. ఏది ముందు చెప్పాం, ఏది తర్వాత చెప్పాం అన్నచోట ఆ అన్యాయం జరుగుతుంది. అది తేటగా కనపడేది, గాయపడిన మనిషిని తీసుకొస్తున్నామని అంబులెన్స్‌లోంచి ఆసుపత్రికి ముందుగా వెళ్ళే కబురులో.

ఆ కబురుకి బ్రిటన్‌లో సైనిక వైద్యులూ, అంబులెన్సులవాళ్ళూ వాడే వరస ఒకటుంది. వయసు, ప్రమాదం జరిగిన టైము, ఎలా జరిగింది, గాయాలు, పల్స్ బీపీ లాంటి కొలతలు, చేసిన చికిత్స. ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపి 'ఎట్‌మిస్ట్' అంటారు. ఆరు గడులు, అంతే.

ఒక ఊహాకేసు చూద్దాం. రావులపాలెం దగ్గర హైవే మీద, వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న కొబ్బరికాయల ట్రాక్టర్‌ని రాత్రి ఓ బైకు గుద్దింది. 108లో ఉన్న టెక్నీషియన్ రాజమండ్రి ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"మగమనిషి సార్, ముప్పై ఏళ్ళుంటాయి. టైము 7:40. ఆగున్న ట్రాక్టర్‌ని బైకు గుద్దింది, హెల్మెట్ లేదు. తలకి ఎడంపక్క వాపు, ఎడమ తొడ వంకర తిరిగింది. పల్స్ 124, బీపీ 90/60, ఊపిరి నిమిషానికి 28. నొప్పి కలిగిస్తేనే కళ్ళు తెరుస్తున్నాడు, మాటల్లేవు, మూలుగుతున్నాడు, నొప్పి ఉన్నచోటికి చెయ్యి తెస్తున్నాడు. పావుగంట క్రితం పిలిస్తే కళ్ళు తెరిచి ఏదో పొంతన లేకుండా మాట్లాడాడు. నోట్లోంచి మందు వాసన వస్తోంది. ఆక్సిజన్ పెట్టాం, మెడకి కాలర్, కాలికి స్ప్లింట్, సెలైన్ ఎక్కుతోంది. 25 నిమిషాల్లో వస్తాం."

ఇందులో డాక్టర్‌కి రెండు సంగతులు అందుతాయి. పెద్దవాళ్ళలో తలగాయం ఒక్కటే బీపీని ఇంతగా పడెయ్యడం అరుదు. కాబట్టి రక్తం ఇంకెక్కడో పోతోంది. విరిగిన తొడలోనే లీటరు దాకా పోవచ్చు, కడుపులో కూడా వెతకాలి. అంటే బ్లడ్ బ్యాంకుకి ఇప్పుడే చెప్పాలి. రెండోది, పావుగంటలో తెలివి తగ్గింది. పుర్రె లోపల రక్తం చేరుతోందేమో. ఊపిరి గొట్టం వెయ్యడానికి మనిషీ, స్కాన్ గదీ సిద్ధంగా ఉండాలి.

ఇదే ఫోను "తాగి గుద్దేశాడు సార్, మత్తులో ఉన్నాడు" అని మొదలైతే? అబద్ధమేం కాకపోవచ్చు. కానీ ఆ తర్వాత చెప్పిన ప్రతి అంకెనీ వినేవాడు ఆ వాక్యంలోంచే వింటాడు. తెలివి తగ్గడానికి కారణం దొరికేసింది కదా! తాగినవాడికి కూడా పుర్రెలో రక్తం చేరుతుందనే సంగతి పక్కకి పోతుంది.

మందు వాసన వస్తోంది అన్నది గమనిక. తాగాడు అన్నది ఊహ. తాగి గుద్దాడు అన్నది తీర్పు. లైట్లు లేని ట్రాక్టర్ ఆ తీర్పులో కనపడదు. వాసన సంగతి దాచమని కాదు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి మత్తు డాక్టర్‌కి అది కావాలి. దాని చోటు కొలతల దగ్గర, గమనికగా. తీర్పుకి ఈ వరసలో గడి లేదు. "హెల్మెట్ సంగతి తెలీదు" అనాల్సొస్తే, ఆ 'తెలీదు'కి మాత్రం ఉంది.

ప్రశ్నల వరస తప్పితే ఏమవుతుందో మన సుప్రీంకోర్టు ముందుకే వచ్చింది. 1989 నాటి పరమానంద్ కటారా కేసు. కారు గుద్దిన స్కూటరిస్టుని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికోలీగల్ కేసులు ఇక్కడ చూడం, 20 కిలోమీటర్ల అవతల ఆసుపత్రికి వెళ్ళమన్నారు. దారిలోనే పోయాడు. ప్రాణం కాపాడ్డం ముందు, చట్టం లాంఛనాలు తర్వాత అని కోర్టు తేల్చింది. 'ఎవరిది తప్పు' అన్నది అక్రమమైన ప్రశ్న కాదు. వేళ కాని వేళ అడిగిన ప్రశ్న.

మరి మనిషిని ఇలా ఆరు గడుల్లో పెడితే మిగిలేదేమిటి? ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మన వైపు ఎవరైనా పడిపోతే మొదట వినపడేది "ఎవరి తాలూకండీ?" అన్న మాట. అందులో ప్రేమ ఉంది. ఇంటికి కబురెళ్ళాలన్న ఆదుర్దా ఉంది. ఊరూ కులమూ హోదా ఆరా తియ్యడమూ ఉంది. మూడూ ఒకే ప్రశ్నలో కలిసి వస్తాయి, విడదీయలేం. ఆరు గడుల కబురు పేరునే పక్కన పెట్టి ఈ మూడింటినీ ఆపేస్తుంది. దానివల్ల ఎమ్మెల్యేగారి బంధువూ, ఇటుక బట్టీ కూలీ ఒకే గొంతుతో ఫోన్లోకి వెళ్తారు. అదే కారణంగా ఎక్కడో కొత్తపేటలో అన్నం వడ్డించుకుని కూర్చున్న తల్లికి ఈ సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ ధర చెల్లించదగ్గదే అంటాను, ఒక షరతు మీద. అవతల ఫోనెత్తినవాళ్ళు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, రక్తానికీ స్కాన్‌కీ అప్పుడే మనుషుల్ని కదిలించాలి. అలా కాక, స్ట్రెచర్ దిగాక మళ్ళీ మొదట్నుంచీ అడిగితే, ఆ 25 నిమిషాలూ పోతాయి. అప్పుడు పేరు పక్కన పెట్టినందుకు ఆ మనిషికి దక్కింది ఏమీ ఉండదు.