చెడిపోయింది ఫోనేనా?

మొన్న పొద్దున్నే సి.బెళగల్ నుంచి నాయన వాట్సాప్‌లో మాట పంపాడు. "అమ్మా, ఫోను చెడిపోయినాదమ్మా. పాప మాట్లాడితే ఏదో గొణిగినట్టుండాది గాని మాట తెలీదు. ఈసారి వచ్చేటప్పుడు బాగు చేయించు."

విన్న వెంటనే కొత్త ఫోను కొనేద్దామనిపించింది. డబ్బుతో తీరే కోరిక మనకెంత తేలికో చూడండి! కానీ ఆ మాట గంట కొట్టినట్టు స్పష్టంగా వచ్చింది. అంటే మైకూ, నెట్టూ బాగున్నట్టే కదా?

అందుకని ఫోను చేసి, నాలుగు ప్రశ్నలు వేశాను. తమ్ముడి మాట తెలుస్తుందా? తెలుస్తుందట. మనవరాలి మాట? అదే తెలీదట. అదే ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టుకుంటే? అమ్మకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. మరి టీవీ? "పక్కింటోళ్లకి గూడా మనదే చాలు" అంది అమ్మ.

వయసు మీరినకొద్దీ చెవి ముందుగా సన్నని శబ్దాలను వదిలేస్తుంది. మాటలో అచ్చులు బలంగా వినిపిస్తాయి గాని స, శ, త వంటివి సన్నగా ఉండి జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. ఆడవాళ్లవీ పిల్లలవీ గొంతులు మరీ కష్టం. ఫోను కూడా పూర్తిగా నిర్దోషి కాదు లెండి. పాత పద్ధతి ఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ లోపు శబ్దాన్నే మోస్తుంది. 'స' బలమంతా దానికి పైనే ఉంటుంది. పైగా ఎదుటివాళ్ల పెదాలు కనపడవు. అందుకే చెవి లోటు మొదట ఫోనులోనే బయటపడుతుంది, నింద దాని మీద పడుతుంది.

ఇక నా ధర్మసంకటం. "ఫోను కాదు నాయనా, నీ చెవి" అనడమా? కొత్త ఫోను కొనిచ్చి ఊరుకోవడమా? రెండోదాన్ని దయ అనుకుంటాం గాని, ఆ దయతో ఆయన్ని ఇంకో రెండేళ్లు మాటలకు దూరంగా ఉంచినట్టే. అయినా నా నోటితో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? గుబిలి అడ్డంగా ఉన్నా ఇలాగే ఉంటుంది, అది తీస్తే సరిపోతుంది. ఒక్కరోజులో ఉన్నట్టుండి వినికిడి పోతే మాత్రం ఆగకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నాయనది ఏడాదిగా మెల్లమెల్లగా వచ్చింది.

"ఫోను సగం మాటే మోస్తుందంట నాయనా, మిగతా సగం సంగతి చెవి డాక్టరును అడుగుదాం" అన్నాను. కర్నూలు పోయాం. గుబిలి లేదు. గదిలో కూర్చోబెట్టి, సన్నటి చప్పుళ్లు ఒక్కొక్కటే వినిపించి గీత గీశారు. ఎడమ నుంచి సాఫీగా వచ్చిన గీత కుడివైపు, సన్నని శబ్దాల దగ్గర, దిగజారిపోయింది.

నాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అయితే ఫోను బాగానే ఉండాదన్నమాట" అన్నాడు.

అమ్మ మాత్రం నావైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏడాదిగా పిలిస్తే పలకడం లేదు. నామీద కోపమేమో అనుకున్నా. కాదా?"