నూతన శరణులకు స్వాగతము



నేటి ఉదయము లింగదీక్ష పొంది మన సంఘమున చేరిన సోదరీ సోదరులకు సభ తరపున స్వాగతము పలుకుట నా వంతైనది. మాలలు మీ మెడలో ఇప్పటికే పడినవి. రేపటి ఉదయము మీకు అక్కరకు వచ్చు మాటలు కొన్ని చెప్పెదను.

గురువు మీ కరస్థలమున నుంచిన ఇష్టలింగము ఇక మీ దేహమును ఎడబాయరాదు. స్నానానంతరము విభూతి ధరించి, లింగకాయ నుండి లింగమును తీసి ఎడమ అరచేత నుంచుకొనుడు. కొలదిపాటి నీటితో అభిషేకించి, విభూతియు పత్రియు సమర్పించి, పంచాక్షరి జపించుచు చూపును లింగముపై నిలుపుడు. తొలి దినములలో రెండు నిమిషములకే కన్ను చెదరును, మనస్సు పొలమునకో అంగడికో పోవును. దిగులు వలదు, పోయిన చూపును మరల తెచ్చుకొనుటయే అభ్యాసము. లింగముపై నల్లని పూత యున్నది గదా, దానిని కంతి యందురు. అది లోపలి శిలను కాపాడును. పూత చిట్లినను, శివదారము నలిగినను మీరే అతుకబూనక గురువునకు చూపుడు.

ఇక తల్లులు కొందరు నన్ను మెల్లగా అడిగిన ప్రశ్న ఒకటి. బహిష్టు దినములలో లింగమును తీసి పెట్టవలెనా? వలదు. జనన, మరణ, రజస్, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు ఐదును లింగధారిని అంటవు. పురుడైనను, ఇంట మరణమైనను పూజ ఆగదు. ఇరుగుపొరుగు ఆక్షేపించినచో ఈ ధర్మము వారికి నెమ్మదిగా చెప్పుడు.

ఆ ఐదింటిలో జాతి సూతకము చివర చెప్పబడినది. ఈ మాట కొత్తవారికి గాదు, నా వంటి పాతవారికి. పుట్టుక సూతకమును సులువుగా విడిచిన మనము, పెండ్లి మాట రాగానే దీక్షకు ముందు వారెవరని ఆరా తీయుదుము. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున జరిగినది మనకు తెలియనిదా? చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము చేసిరి. దీక్ష పొందిన పిదప ఇరువురును శరణ సంతానమే గాన అది వర్ణసంకరము కాదని వారి వాదము. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికిని ఘోర శిక్ష విధించెననియు, పిమ్మట శరణులు కల్యాణము విడిచి చెదరిపోయిరనియు సంప్రదాయము చెప్పును. అంత మూల్యము చెల్లించి నిలిపిన మాటను మనము ఒక చిన్న ప్రశ్నతో పోగొట్టుకొనుట తగునా? పాలకురికి సోమనాథుడు బసవపురాణమున చాకలియైన మడివాలు మాచయ్యను ఎంత ఎత్తున నిలిపెనో పిల్లలచేత చదివింపుడు. పెద్దలును ప్రక్కన కూర్చుండి వినుడు.

నూతన శరణులారా, ఎవరైనను మీ పూర్వకులము నడిగినచో బదులు చెప్పనక్కరలేదు. మెడలోని లింగమును చూపుడు, చాలును.

ప్రసాదము సిద్ధమైనదని లోపలినుండి కబురు వచ్చినది. కొత్తవారికి వేరు పంక్తి లేదు. పాత కుటుంబములవారు తమ ప్రక్కన ఒక్కొక్క విస్తరి చోటు విడిచి కూర్చుండవలెనని మనవి.