తిరుగు అనువాదం దేనికి సాక్ష్యం? – ఇటాలియన్ సర్వే ప్రశ్నావళి ఆధారంగా ఒక పరిశీలన

ఆంగ్లంలో రూపొందిన సర్వే ప్రశ్నావళిని ఇటలీలో వినియోగించదలచినప్పుడు తరచుగా అనుసరించే పద్ధతి ఒకటుంది. ఒకరు దానిని ఇటాలియన్‌లోకి అనువదిస్తారు. మూలాన్ని చూడని మరొకరు ఆ అనువాదాన్ని తిరిగి ఆంగ్లంలోకి తెస్తారు. పరిశోధకులు రెండు ఆంగ్ల పాఠాలను పక్కపక్కన పెట్టి చూసి, అవి కలిస్తే ఇటాలియన్ పాఠం సరిగా ఉన్నదని నిర్ణయిస్తారు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ప్రచురించిన వ్యాసంతో ఈ తిరుగు అనువాదానికి పరిశోధనారంగంలో విశేషమైన ప్రచారం లభించింది. ఇటాలియన్ రాని పరిశోధకులకు ఇది గొప్ప ఊరట. కాని తాము చదవలేని వాక్యానికి తాము పూచీపడే అధికారం ఈ పోలిక వల్ల సంక్రమిస్తుందా? ఇది పద్ధతికి సంబంధించిన సందేహమే కాదు, నైతికమైన ప్రశ్న కూడా.

ప్రతి సర్వేలోను కనిపించే ఒక ప్రశ్నను తీసుకుందాం: మీరు పూర్తిచేసిన అత్యున్నత ‘ఎడ్యుకేషన్’ ఏది? అనువాదకుడు ధ్వనిసామ్యాన్ని నమ్మి ‘ఎదుకాత్సియోనె’ అని రాశాడనుకుందాం. ఇటాలియన్ వాడుకలో ఆ మాటకు ప్రధానంగా పెంపకం, మర్యాద, సంస్కారం అన్న అర్థాలున్నాయి. చదువు స్థాయిని అడగడానికి వారు ‘తీతొలో ది స్తూదియో’ అంటారు, అంటే పొందిన విద్యార్హత. తిరుగు అనువాదకుడు మాత్రం మొదటి మాటను చూడగానే ‘ఎడ్యుకేషన్’ అనే రాస్తాడు. రెండు ఆంగ్ల పాఠాలు అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి, దోషం పరీక్ష దాటిపోతుంది. సరైన ఇటాలియన్ ప్రయోగమైతే ‘స్టడీ క్వాలిఫికేషన్’ వంటి మాటగా తిరిగివచ్చి అనుమానానికి గురయ్యేది. పైగా తిరుగు అనువాదకుడు ఎంత నేర్పరి అయితే అంతగా, వంకరగా ఉన్న వాక్యం వెనుక ఆంగ్ల మూలాన్ని ఊహించి చక్కదిద్దుతాడు. అతని నేర్పే దోషాన్ని కప్పిపుచ్చుతుంది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఆరోగ్యసంబంధమైన జీవననాణ్యతను కొలిచే ఎస్.ఎఫ్.-36 ప్రశ్నావళిలో ఉన్నది. ఒక మైలుకు మించి నడవడంలో ఇబ్బంది ఉన్నదా అని ఆంగ్ల మూలం అడుగుతుంది. ఇటాలియన్ పాఠం ఒక కిలోమీటరు నడక గురించి అడుగుతుంది. మూలంలో ‘బ్లాకు’, అనగా అమెరికా నగరాల్లో రెండు అడ్డవీధుల నడిమి దూరం, అని ఉన్నచోట అది సుమారు నూరు మీటర్లు అంటుంది. తిరుగు అనువాదంలో ఇవి తప్పులుగానే కనిపించాలి. కాని మైళ్లలో ఆలోచించని సమాజంలో మైలు అన్న మాట ఉంచితే జవాబిచ్చేవారు దూరాన్ని కేవలం ఊహించుకోవలసివస్తుంది. అలాగని కిలోమీటరుతో చిక్కు తీరిందనీ అనలేము. మైలు 1,609 మీటర్లు. కిలోమీటరు నడవగలిగి మైలు నడవలేని వ్యక్తి ఇటలీ లెక్కలో కాస్త ఆరోగ్యవంతుడుగా తేలుతాడు. ఇక్కడ కావలసినది ఏ నష్టాన్ని అంగీకరించాలన్న నిర్ణయం. రెండు ఆంగ్ల వాక్యాల పోలిక ఆ నిర్ణయాన్ని చేయలేదు.

ఆంగ్లంలోకి రాగానే జాడలేకుండా పోయే సంగతులు మరికొన్ని ఉన్నాయి. గౌరవవాచకమైన ‘లేయ్’, చనువును తెలిపే ‘తూ’ రెండూ ఒకే ‘యూ’గా తిరిగివస్తాయి. మన మీరు, నువ్వు ఆంగ్లంలో ఏమవుతాయో ఎరిగిన తెలుగువారికి ఇది వివరించనక్కరలేదు. తెలుగు మధ్యమపురుషలో లేని చిక్కు ఇటాలియన్‌లో మరొకటి ఉన్నది. మీరు అలసిపోయారా అని అడిగేటప్పుడు పురుషునికి ‘స్తాంకో’, స్త్రీకి ‘స్తాంకా’ అనాలి. పురుషరూపం ఒక్కటే అచ్చువేసినా ఆంగ్లంలో లోపమేమీ కనబడదు. ప్రశ్న తనను ఉద్దేశించలేదన్న భావం చదివే స్త్రీకి మాత్రమే కలుగుతుంది.

తిరుగు అనువాదం నిష్ప్రయోజనమని నా వాదం కాదు. వదిలేసిన వాక్యాన్ని, జారిపోయిన వ్యతిరేకార్థాన్ని, ‘గత 4 వారాలు’ అన్నచోట తప్పుపడిన అంకెను అది చక్కగా పట్టిస్తుంది. అభ్యంతరమల్లా దానిని యోగ్యతాపత్రంగా స్వీకరించడం పట్లనే. ప్రశ్నను అపార్థం చేసుకున్న వ్యక్తి ఫిర్యాదు చేయడు. ఏదో ఒక గడిలో గుర్తు పెడతాడు, ఆ గుర్తు అతని అభిప్రాయంగా లెక్కకెక్కుతుంది. మాట అతనిది, అర్థం మరొకరిది. ఈ అన్యాయం అతనికి ఎన్నటికీ తెలియదు గనుక బాధ్యత మొత్తం అడిగినవారిదే.

యూరోపియన్ సోషల్ సర్వే ఈ బాధ్యతను వేరే చోట ఉంచింది. అక్కడ ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. సమీక్షకులతో కూర్చుని భేదాలను చర్చిస్తారు, చివరిమాట చెప్పే వ్యక్తి ఒకరుంటారు, ముందస్తు పరీక్ష జరుగుతుంది, నిర్ణయాలు నమోదవుతాయి. ఇటాలియన్ పాఠాన్ని ఇటాలియన్‌లోనే చదివి వాదించగలవారు ఇందులో తప్పనిసరి. ముందస్తు పరీక్షలో కొందరిని కూర్చోబెట్టి, ఈ ప్రశ్నను మీ మాటల్లో చెప్పండి అని అడగవచ్చు. ‘ఎదుకాత్సియోనె’ అన్నచోట ఒకరు తమ తల్లిదండ్రుల పెంపకం గురించి మొదలుపెడితే చాలు, లోపం బయటపడుతుంది. దీనికి కాలం, ధనం ఎక్కువే ఖర్చవుతాయి. అయినా ఫలితాలను ప్రకటించే వ్యాసంలో ‘తిరుగు అనువాదం ద్వారా సరిచూడబడినది’ అన్న ఒక్క వాక్యానికి బదులు, మైలును కిలోమీటరుగా ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, అందువల్ల ఏ పోలిక బలహీనపడింది అన్న నమోదు ఉంటే, ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలో పాఠకుడు తానే తేల్చుకోగలడు.