ముందు ఏ అంచు?

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్చుకుంటున్న ఒక కుర్రాడి కథ ఇది.

ఇనుప పలకలో రెండు రంధ్రాలు వేయాలి. డ్రాయింగులో రెండు కొలతలూ ఎడమ అంచు నుంచే ఉన్నాయి: 20, 55 మిల్లీమీటర్లు. పలక పొడవు 75. మొదటి రంధ్రానికి ఎడమ నుంచే కొలిచాడు. రెండోదానికి కుడి అంచు దగ్గరగా కనిపించింది. 75లో 55 పోతే 20 కదా అని, అటు నుంచి 20 కొలిచి పంచ్ కొట్టాడు. లెక్క తప్పు కాదు. కానీ ఆ కుడి అంచు హాక్సాతో కోసి వదిలేసింది, ఇంకా ఆకురాయి పట్టలేదు. పలక నిజంగా 75.6 ఉంది. రంధ్రాల మధ్య 35 ఉండాల్సింది 35.6 అయింది. జత ముక్కకున్న పిన్నుల్లో ఒకటి దిగింది, రెండోది దిగలేదు.

మాస్టారు ట్రైస్క్వేర్ ఇచ్చి, "రెండంచులకూ ఆనించి వెలుతురుకు పెట్టి చూడు బాబూ" అన్నారు. ఎడమ అంచు దగ్గర వెలుగు దూరలేదు. కుడి అంచున సందు కనిపించింది. అంటే అక్కడ ఏ చోట కొలిస్తే ఆ చోట ఒక్కో అంకె వస్తుంది.

"సార్, అయితే ముందు డేటమ్ చూసుకోవాలి" అన్నాడు కుర్రాడు.

కొత్త పలకకు ఒక అంచును రాకి, సరిచూసి, దానిపై గుర్తు పెట్టాడు. రెండు కొలతలూ అక్కడి నుంచే తీశాడు. ఈ పలక కూడా కుడివైపు కాస్త ఎక్కువే ఉంది. అయినా పిన్నులు రెండూ దిగాయి. ఆ ఎక్కువను చివర్లో రాకేశాడు.