పంపని మాటకు తారీఖు ఉంటుందా?

ఒక కథ అనుకుందాం. అందులోని మనుషులు నా కల్పన, నేల మాత్రం నిజం. గోదావరిఖనిలో యాభై దాటిన ఒక సింగరేణి కార్మికుడు ఒక సాయంత్రం తన పాత మెయిల్‌లో వెతుకుతున్నాడు. బాపు పోయాడు, అవ్వకు రావలసిన పింఛను కోసం బాపు సర్వీసు కాగితాలు కావాలి. వాటిని ఎప్పుడో ఇంటర్నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి తనకే పంపుకున్నట్టు గుర్తు. కాగితాలు దొరకలేదు. డ్రాఫ్ట్స్ అని ఉన్నచోట మాత్రం ఒక ఉత్తరం కనిపించింది. తమ్ముడికి రాసినది, 2011 అక్టోబర్ నాటిది, పంపనిది.

ఆ అక్టోబర్ ఎట్లాంటిదో బొగ్గు ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా బాయి దిగలేదు. దిగకపోతే మస్టర్ లేదు, మస్టర్ లేకపోతే జీతం లేదు. ఆ రోజుల్లో డల్లాస్‌లో ఉన్న తమ్ముడు, అడగకుండానే, అన్న ఖాతాలో ఇరవై వేలు వేశాడు. మంచి మనసుతోనే వేశాడు. ఆ డబ్బు చూసి అన్న చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చొని రాసిన ఉత్తరం ఇది.

"తమ్మీ, పైసలు ముట్టినయ్. ఇంట్ల బియ్యం ఉన్నయ్, రంది పెట్టుకోకు. కానీ ఒక్క మాట. నాకు బాయి పని ఇష్టమని నువ్వు అందరితోని అంటవట. నాకు ఎన్నడు ఇష్టం లేకుండె. కాకతీయ యూనివర్సిటీల సీటు వచ్చింది, ఆ కాగితం ఇంక నా పెట్టెలనే ఉన్నది. నువ్వు సదువుకోవాలని నేను దిగిన. ఆ పొద్దు బాపు నన్ను పిలిచి" అక్కడ ఆగిపోయింది. వాక్యం పూర్తి కాలేదు.

కరెంటు పోయిందా, తీసుకున్న గంట అయిపోయిందా, లేక చేయి ఆగిందా, అతనికి ఇప్పుడు గుర్తు లేదు. నన్ను మొదట పట్టుకున్నది ఇదే. కాగితం మీద సగం రాసి ఆపితే దాన్ని చించాలా, మడిచి దాచాలా అని మనిషే నిర్ణయించాలి. జీమెయిల్‌లో అట్లా కాదు. టైపు చేస్తుండగానే అది తనంతట తాను దాచేస్తుంది. పంపకుండా లేచిపోయినా ఆ సగం మాట అక్కడే ఉంటుంది. చెత్తబుట్టలో వేసినది ముప్ఫై రోజులకు పోతుంది, డ్రాఫ్టుకు మాత్రం అట్లాంటి గడువు లేదు. ఖాతా వాడుకలో ఉన్నంత కాలం అది ఉంటుంది. అంటే ఈ ఉత్తరాన్ని ఇతను దాచుకోలేదు. అది దాచబడి ఉంది. కోపంలో నోటి చివరిదాకా వచ్చి మింగేసిన మాటకు మనిషి ఎంత బాధ్యుడు? అన్న మాటకు ఉన్నంత బాధ్యత దానికి ఉందని నేను అనుకోను. అయితే ఏమీ లేదని కూడా అనలేను. ఆ మాట అబద్ధమని అతను ఆ రోజు వెనక్కి తీసుకోలేదు, చెప్పడం మాత్రమే ఆపాడు.

ఆ ఉత్తరం వెనక ఉన్నది 1996 నాటి సంగతి. బాపు కోల్ ఫిల్లర్. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకు ఎత్తి, తట్టను టబ్బులో పోసే పని. నడుము పోయింది, ఊపిరి ఆడటం కష్టమైంది. కొత్తగూడెం మెయిన్ ఆసుపత్రిలో మెడికల్ బోర్డు పరీక్షించి అన్‌ఫిట్ అని రాసింది. అన్‌ఫిట్ అయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఒకరికే. ఇంట్లో ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి 22, డిగ్రీ అయిపోయి పీజీ సీటు చేతిలో ఉంది. చిన్నవాడికి 19, ఇంటర్ అయింది. పొలమైతే గట్టు వేసి పంచుకోవచ్చు. ఇది పంచడానికి వీలులేని ఆస్తి. పేరు రాసే గడి ఒకటే, అందులో పెద్దవాడి పేరు పడింది.

అతను బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. పర్మినెంటు వాళ్లు రానినాడు వాళ్ల స్థానంలో దిగడం, ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు నిండుతాయా లేదా అని లెక్క పెట్టుకోవడం. తర్వాత పర్మినెంట్ అయ్యాడు. ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చి తట్టా చెమ్మస్ పోయాక వేరే పనిలోకి మారాడు. తొంభైల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అంత తగ్గుదలలోనూ ఇతని పని నిలబడింది. ఆ జీతంతోనే తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు కట్టాడు, చెల్లె పెండ్లి చేశాడు. మధ్యలో ఎక్కడో, ఏ రోజని చెప్పలేం, అతనికి ఆ పని మీద చిరాకు పోయింది. కప్పు మీద కర్రతో తట్టి చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందా, గుల్లగా ఉందా అని చెప్పగలడు. కొత్తగా వచ్చిన పిల్లలు అతని పక్కన నిలబడటానికి ఇష్టపడతారు. ఇవాళ ఎవరైనా నీకు బాయి పని ఇష్టమేనా అని అడిగితే, అవుననే అంటాడు. అది అబద్ధం కాదు.

మరి 2011 నాటి ఉత్తరం? అదీ అబద్ధం కాదు. చిక్కు ఇక్కడుంది. దాన్ని ఇప్పుడు పంపితే ఏమవుతుంది? పంపిన క్షణం తారీఖే దాని మీద పడుతుంది. లోపల ఒక్క అక్షరం దిద్దినా డ్రాఫ్టు పాత తారీఖు పోయి కొత్తది వస్తుంది. పాత ఇన్లాండు లెటర్ పెట్టెలో దొరికితే, పసుపు పచ్చబడిన కాగితమే దాని వయసు చెప్పేది. ఈ ఉత్తరం మాత్రం డల్లాస్‌లో ఈ పొద్దుటి కోపంలాగే తెరుచుకుంటుంది. ఒకప్పుడు నిజమైన మాటను, దాని కాలం తెలియకుండా పంపితే, అది అబద్ధం చేసే పనే చేస్తుంది. అందుకని ఉన్నదున్నట్టు పంపడం నిజాయితీ అవుతుందని నాకు అనిపించదు.

అయితే చెరిపేయాలా? ఆ 2011 మనిషి తన కష్టాన్ని చెప్పుకోవాలనుకున్నాడు. ఇవాళ్టి మనిషికి ఆ కష్టం లేదు గనుక, అతని నోరు మూసే హక్కు ఇతనికి ఉందా? డెరెక్ పార్ఫిట్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1984లో అచ్చయిన తన పుస్తకంలో ఒక రష్యన్ యువకుడిని ఊహించాడు. అతనికి ముందుముందు పెద్ద భూములు రానున్నాయి, వాటిని రైతులకు పంచాలని అతని ఆశయం. వయసు పెరిగితే తన మనసు మారుతుందని భయపడి, ఆ భూములు పంచేట్టు ఇప్పుడే కాగితం రాస్తాడు. రేపు తానే వచ్చి వద్దన్నా వినవద్దని భార్యతో మాట తీసుకుంటాడు. పాత మనిషికి ఇచ్చిన మాటను కొత్త మనిషి రద్దు చేయగలడా అన్నది అక్కడి ప్రశ్న. మన కార్మికుడి విషయంలో అంతకన్నా కష్టమైన సంగతి ఒకటుంది. అతను ఎవరి దగ్గరా మాట తీసుకోలేదు. ఆ యువకుడికి భార్య సాక్షిగా ఉంది, ఇతని 2011కు ఒక సగం వాక్యమే సాక్షి.

ఇంకో వైపు నుంచి చూద్దాం. తమ్ముడికి తెలియని త్యాగానికి తమ్ముడు రుణపడి ఉంటాడా? రోమన్ తత్వవేత్త సెనెకా ఉపకారాల మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. పేదరికాన్ని దాచుకుంటున్న మిత్రుడి దిండు కింద గ్రీకు తత్వవేత్త ఆర్సెసిలాస్ చెప్పకుండా డబ్బు సంచి పెట్టిన సంగతి అందులో వస్తుంది. పుచ్చుకున్నట్టు కాకుండా దొరికినట్టు ఉండాలని అతని ఉద్దేశం. ఇచ్చినవాడు నోరెత్తకూడదు, పుచ్చుకున్నవాడే చెప్పుకోవాలి అన్నది సెనెకా పక్షం. మన ఇండ్లలో పెద్దకొడుకులను మెచ్చుకునే తీరూ ఇదే. నాకు దీనితో పేచీ ఉంది. డబ్బు సంచి మౌనంగా ఉన్నా ఆ మిత్రుడు తన బతుకు గురించి తప్పుగా నమ్మేది పెద్దగా ఏమీ లేదు. ఇక్కడ ఒక మనిషి ముప్ఫై ఏళ్లుగా తన చదువు ఎట్లా వచ్చిందో తప్పుగా తెలుసుకొని బతుకుతున్నాడు. అన్నకు బాయి ఇష్టం అన్న మాట మీద అతను తన మనశ్శాంతిని కట్టుకున్నాడు. ఆ మాట తప్పని తెలిస్తే ఏం చేయాలో నిర్ణయించుకునే అవకాశమే అతనికి రాలేదు. చెప్పకపోవడం దయ కావచ్చు, కానీ ఆ దయ అవతలి మనిషిని ఎప్పటికీ చిన్నపిల్లవాడిగానే ఉంచుతుంది.

కాబట్టి నా కథలో అన్న ఉత్తరాన్ని పంపడు, చెరపడు. ఫోన్ చేసి చదివి వినిపిస్తాడు. ఎప్పుడు రాసిందో ముందే చెబుతాడు, సగంలో ఆగిన చోట ఆగుతాడు.

అవతల కాసేపటికి తమ్ముడు అన్న మాట ఇది: "అన్నా, నన్ను గూడ ఎవరు అడగలే. నేను బాయికి పోత అని అవ్వకు చెప్పిన. చిన్నోనివి, సదువుకో అన్నది. నా దోస్తులందరు బాయిలనే చేరిండ్రు. హైదరాబాద్ హాస్టల్ల మొదటి ఏడాది నేను ఏడ్వని రాత్రి లేదు. బాపు పోయినప్పుడు నేను మొఖం సుత చూడలే."

ఈ జవాబు కోసమే నేను ఈ కథ కట్టుకున్నాను. నీ కోసం నేను వదులుకున్నాను అనే మాటలో, అవతలివాడు కోరుకున్నది నాకు తెలుసు అనే నమ్మకం దాగి ఉంటుంది. ఉత్తరాన్ని 2011లోనే పంపి ఉంటే ఆ నమ్మకం ఆనాడే పరీక్షకు వచ్చేది. ఆ తర్వాత అన్నేళ్లు అన్న తన ఖాతాలో రాసుకున్న బాకీ, తమ్ముడి ఖాతాలో బాకీగా లేదు. అక్కడ అది ఇల్లు దూరమైన నష్టంగా ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరినీ ఎవరూ అడగలేదు.

అట్లాగని తప్పు బాపు మీద వేయగలమా? ఆయనకు ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. ఆ ఎనిమిదేళ్ల జీతం ఆయన వదులుకుంటేనే గడిలో పేరు రాయడానికి చోటు ఏర్పడింది. నిజంగా ఒళ్లు చాలకనే అన్‌ఫిట్ అయ్యాడా, ఇంకొన్నేళ్లు ఈడ్చగలిగి కూడా కొడుకు వయసు దాటిపోతుందని ముందే బోర్డుకు పోయాడా? బొగ్గు ప్రాంతంలో ఈ రెండింటి మధ్య గీత గీయడం డాక్టర్లకే కష్టం, కొడుకులకు ఎట్లా తెలుస్తుంది? అన్నదమ్ములు ఒకరికొకరు ఎంత బాకీ అని ఎన్నేళ్లు లెక్క వేసుకున్నా, లెక్క మొదలయ్యేది ఆ మనిషి నడుము దగ్గర. ఆయనకు చదువు రాదు. ఆయన డ్రాఫ్టు ఎక్కడా దొరకదు.

ఉత్తరంలో పూర్తికాని వాక్యం బాపు దగ్గరే ఆగింది కదా. తమ్ముడు దాన్నే పట్టుకున్నాడు. "ఆ పొద్దు బాపు నిన్ను పిలిచి ఏమన్నడు?" అని అడిగాడు. అన్న గుర్తు తెచ్చుకొని చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో తమ్ముడు ఆపి, అదే వారం బాపు తనతో అన్న వేరే మాట ఒకటి చెప్పాడు. రెండూ కలవలేదు. ఏది ముందు, ఏది వెనక అని ఇద్దరూ తేల్చుకుంటూ ఉండగా డల్లాస్‌లో ఆఫీసుకు వేళయింది, ఇక్కడ రాత్రి షిఫ్టుకు వేళయింది. ఆదివారం అవ్వను కూడా ఫోన్ దగ్గర కూర్చోబెట్టి అడుగుదామని అనుకున్నారు.